మిర్చి ముడతకు ‘ఒక్క మందు’ అని శీర్షిక పెట్టే ముందు: తెలుగు వ్యవసాయ ఛానళ్లకు బహిరంగ లేఖ

తెలుగులో వ్యవసాయ వీడియోలు చేస్తున్న మిత్రులకు నమస్కారం.

మాది మిర్చి పండించే కుటుంబం. నేను కొన్నేళ్లుగా చిన్న ఛానళ్లకు వీడియోల శీర్షికలు, వివరణలు రాసిపెడుతున్నాను. రెండు వైపులూ తెలిసినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. శీర్షికలో ఒక్క మాట తప్పితే పొలంలో ఏం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను. ఆ శీర్షికను తిరగరాసే పని కూడా చివరికి నా చేతికే వచ్చింది. అది ఎలా చేశామో మొదటి నుంచి చివరి దాకా చెబుతాను.

మా బాబాయికి పల్నాడులో నాలుగు ఎకరాల మిర్చి. ఒక ఏడాది చిగురాకులు ముడుచుకుపోవడం మొదలైంది. రాత్రి అన్నం తిని, ఫోన్ మైకు నొక్కి "మిర్చి ముడత మందు" అని అడిగాడు. మొదట వచ్చిన వీడియో శీర్షిక ఇది:

"మిర్చి ముడతకు ఈ ఒక్క మందు చాలు.. 24 గంటల్లో తామర పురుగు మాయం!!"

పన్నెండు నిమిషాల వీడియో అంతా చూడలేదు. మధ్యలో మందు డబ్బా కనిపించిన చోట ఆపి, పేరు రాసుకున్నాడు. మర్నాడు తెచ్చి కొట్టాడు. వారానికి మళ్లీ కొట్టాడు. ముడత తగ్గకపోగా తోటంతా పాకింది. అప్పుడు నాకు వీడియో కాల్ చేసి ఒక కొమ్మ చూపించాడు.

"చూడరా, ఆకు అంచులు కిందికి వంగినయ్. పడవ బోర్లించినట్టు లేదూ? కాడ కూడా సాగింది. తామర పురుగుకేనా నేను కొట్టింది?"

కొట్టింది తామర పురుగుకే, కానీ తోటలో ఉన్నది తామర పురుగు కాదు, నల్లి. మిర్చిలో ఆకు ముడుచుకుందంటే కారణం ఒక్కటే ఉండదు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దొప్పలా అవుతాయి. దాన్నే పై ముడత అంటాం. నల్లి పీలిస్తే అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగుతుంది. అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్ సోకినా ఆకులు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. కొన్ని ఊళ్లలో దాన్ని బొబ్బర అంటారు. అది మొక్కకు సోకాక నయం చేసే మందు లేదు. నల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకు దగ్గరి చుట్టం. అందుకే చాలా పురుగుమందులు దాని మీద పనిచెయ్యవు. పైగా కొన్ని మందులు నల్లిని తినే మిత్ర పురుగులను చంపేస్తాయి. అప్పుడు నల్లి ఇంకా పెరుగుతుంది. బాబాయి తోటలో తోట మొత్తం పాకడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు.

ఆ వీడియో నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. నిజం చెప్పాలంటే వీడియో బాగుంది. అందులో ఉన్నది అసలు ముడత గురించి కాదు. పూలలో చేరే నల్ల తామర పురుగు గురించి. 2021లో గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి తోటల్లో పూతంతా రాల్చేసిన కొత్త రకం పురుగు అదే. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మామూలు తామర పురుగు చిగురాకుల మీద ఎక్కువగా ఉంటే ఇది పువ్వులో దూరుతుంది. వీడియోలో రైతు ఒక పువ్వును తెల్ల కాగితం మీద దులిపి, నల్లగా కదులుతున్న వాటిని చూపించాడు. నీలి రంగు జిగురు అట్టలు ఎక్కడ, ఎంత ఎత్తులో కట్టాడో చెప్పాడు. మూడు వారాల్లో మూడు రకాల మందులు మార్చి కొట్టానన్నాడు. తొమ్మిదో నిమిషం దాటాక యాంకర్ "పూర్తిగా పోయిందా అన్నా?" అని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు: "పూర్తిగా యాడ పోద్ది? సగానికి సగం తగ్గింది. పూత నిలబడింది, అంతే."

ఇప్పుడు శీర్షికను ఆ మాటల పక్కన పెట్టి చూడండి. ముడత అన్నారు, వీడియోలో ముడత లేదు. ఒక్క మందు అన్నారు, ఆయన కొట్టింది మూడు. 24 గంటలు అన్నారు, పట్టింది మూడు వారాలు. మాయం అన్నారు, ఆయనే సగం అన్నాడు. పొలంలో నిలబడి నిజం చెప్పిన రైతు మాటను శీర్షిక నాలుగు చోట్ల కాదంది. నాకు బాధ కలిగింది ఇక్కడే. అబద్ధం చెప్పింది వీడియో కాదు, దాని నెత్తిన పెట్టిన ఒక్క వరుస.

ఆ ఛానల్ నడిపే ఆయనకు ఫోన్ చేశాను. పేరు చెప్పను, మంచివాడు. కోప్పడలేదు. "శీర్షిక మెత్తగా పెడితే ఎవరూ నొక్కరండీ. మీరే రాసివ్వండి, మారుస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకునే పని మొదలుపెట్టాం.

మొదట ఇద్దరం శీర్షిక జోలికే వెళ్లలేదు. వీడియో చూసి, చూసినవాడికి చివర్లో ఏం తెలుస్తుందో ఒక్క వాక్యంలో కాగితం మీద రాశాం. "మిర్చి పూలలో నల్ల తామర పురుగును ఎలా పోల్చుకోవాలి, ఒక రైతు దాన్ని ఎలా తగ్గించుకున్నాడు." శీర్షిక ఈ వాక్యం దాటి ఒక్క అడుగు కూడా పోకూడదని అనుకున్నాం. ఈ వాక్యం రాయలేకపోతే వీడియోలోనే విషయం లేదని అర్థం. అలాంటి వీడియోలు కూడా నాకు తగిలాయి. వాటికి ఏ శీర్షిక పెట్టినా లాభం లేదు, మళ్లీ తీయాల్సిందే.

తర్వాత రైతులు ఏ మాటలతో వెతుకుతున్నారో చూశాం. దీనికి ఊహలు అక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో తెరిచి, `Analytics` లో `Reach` కింద `YouTube search` నొక్కితే, ఏ మాటలు వెతికి జనం మన వీడియోకు వచ్చారో వరుసగా కనిపిస్తాయి. ఆ వీడియోకు పైన ఉన్న మాటలన్నీ ముడత చుట్టూనే ఉన్నాయి: "మిర్చి ముడత", `mirchi mudatha mandu`, "మిరప ఆకు ముడత నివారణ". అంటే వస్తున్నవాళ్లలో ఎక్కువమంది మా బాబాయి లాంటివాళ్లే, ఆ వీడియోలో జవాబు లేనివాళ్లు. పూత రాలుతున్న రైతులు ఈ వీడియోను వెతికి పట్టుకోలేకపోతున్నారు. "పూత", "నల్ల" అన్న రెండు మాటలూ శీర్షికలో లేవు, వివరణలో కూడా లేవు.

కొత్త వీడియోకు ఇంకా ఈ లెక్కలు రాకపోతే, యూట్యూబ్ వెతుకులాట పెట్టెలో "మిర్చి పూత" అని సగం కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా అడుగుతున్నవే. తెలుగు లిపిలో ఒకసారి, `mirchi potha`, `mirapa thota` అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి చూడండి. మైకులో అడిగేవాళ్ల మాట తెలుగు లిపిలోకి మారుతుంది. చేత్తో కొట్టేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలే వాడతారు. ఇద్దరికీ మనం దొరకాలి.

శీర్షిక ఇలా కుదిరింది:

"మిర్చి పూతలో నల్ల తామర పురుగు: ఎలా గుర్తించాలి, ఒక రైతు ఎలా తగ్గించారు"

యూట్యూబ్ శీర్షికకు హద్దు 100 అక్షరాలు. తెలుగులో రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. గుణింతం గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "మిర్చి" మనకు రెండక్షరాలు, యూట్యూబ్‌కు ఆరు. పై శీర్షిక 70 దగ్గర ఆగింది. హద్దు లోపలే ఉన్నా, ఫోన్లో రెండు వరుసలు దాటితే తెగిపోతుంది. కాబట్టి పంట, పంట దశ, పురుగు పేరు ముందే రావాలి. "ఎలా తగ్గించారు" తెగిపోయినా నష్టం లేదు. "నల్ల తామర పురుగు" తెగిపోతే శీర్షికే లేనట్టు. చాలా ఛానళ్లు మొదటి సగాన్ని "రైతులు తప్పక చూడాలి", "ఇది తెలియక నష్టపోతున్నారు" వంటి మాటలతో నింపి, పంట పేరు చివర్లో పెడుతున్నాయి. తెగిపోయేది ఆ పంట పేరే.

"తగ్గించారు" అన్న మాట దగ్గర ఆ మిత్రుడికీ నాకూ కాసేపు వాదన జరిగింది. "నివారణ" అని పెడదామన్నాడు. జనం వెతికే మాట అదే, నిజమే. కానీ నివారణ అంటే పోగొట్టడమని రైతు అనుకుంటాడు. వీడియోలో రైతు పోలేదని స్వయంగా చెప్పాడు. చివరికి "నివారణ" ను శీర్షికలోంచి తీసి, వివరణలో "నివారణకు ఈ రైతు చేసిన పనులు" అని ఒక వాక్యంలో పెట్టాం. వెతికేవాళ్లకు దొరుకుతుంది, మాట కూడా తప్పలేదు. "తగ్గించారు" పక్కన "ఒక రైతు" అని పెట్టడం కూడా అందుకే. ఒక తోటలో ఒక ఏడాది జరిగింది అది. విశ్వవిద్యాలయం సిఫార్సు అయితే అలాగే చెప్పాలి, ఒకరి అనుభవం అయితే ఒకరి అనుభవమనే చెప్పాలి.

వివరణ దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఉన్నది చూసి నాకు దిగులేసింది. సబ్‌స్క్రైబ్ చెయ్యమని రెండు వరుసలు, వాట్సాప్ గ్రూపు లింకు, ఆ కింద నలభైకి పైగా పంటల పేర్లు కామాలతో. పత్తి, వరి, టమాటా, ఆయిల్ పామ్, ఏది దొరికితే అది. అలా పేర్లు కుప్ప పోయడం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. దాన్ని తప్పుదారి పట్టించే సమాచారంగా లెక్కిస్తారు. వెతుకులాటలో లాభమూ లేదు. వివరణకు 5000 అక్షరాల చోటు ఉంటుంది. "more" నొక్కకముందు కనిపించేవి మొదటి రెండు మూడు వరుసలే. అక్కడ ఏం రాస్తామన్నదే అసలు పని. మేం రాసింది ఇది:

```
మిర్చి పూలలో చేరే నల్ల తామర పురుగును ఎలా గుర్తించాలో, పల్నాడులో ఒక రైతు మూడు వారాల్లో దాన్ని ఎలా తగ్గించుకున్నారో ఇందులో ఉంది.
ఆకులు కిందికి ముడుచుకుంటే అది నల్లి. ఈ వీడియో దాని గురించి కాదు.

తీసిన నెల: నవంబర్ 2023. నాటిన 75 రోజుల తోట.
పురుగు పూర్తిగా పోలేదు, సుమారు సగం తగ్గిందని రైతు చెప్పారు.
నివారణకు ఈ రైతు చేసిన పనులు, వాడిన మందుల టెక్నికల్ పేర్లు 5:40 దగ్గర ఉన్నాయి. మోతాదు డబ్బా లేబుల్ మీద చూసుకోండి.

0:00 తోట, రకం, పంట వయసు
1:10 తెల్ల కాగితం మీద పువ్వు దులిపి చూడటం
3:25 నీలి జిగురు అట్టలు
5:40 ఏ వారం ఏ మందు
9:05 ఎంత తగ్గింది

mirchi nalla thamara purugu, mirapa potha raladam, black thrips
```

ఇందులో రెండో వరుస నాకు చాలా ముఖ్యం. "ఈ వీడియో దాని గురించి కాదు" అని రాయడం మొదట ఆ మిత్రుడికి నచ్చలేదు. వచ్చినవాళ్లను గుమ్మం దగ్గరే వెనక్కి పంపినట్టు అనిపించిందట. కానీ కింది ముడత ఉన్న రైతు ఆ వరుస చదివితే తప్పు మందు కొనడు. ఆయన ఛానల్లోనే నల్లి మీద ఇంకో వీడియో ఉంది. ఆ వరుస పక్కనే దాని లింకు పెట్టించాను. వెనక్కి పంపడం కాదు, సరైన గదిలోకి పంపడం అది.

సమయాల వరుసకు కొన్ని షరతులు ఉన్నాయి. మొదటిది కచ్చితంగా 0:00 అవ్వాలి. కనీసం మూడు ఉండాలి, వరుస క్రమంలో ఉండాలి, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా వీడియో కింద గీతపై భాగాలు కనిపించవు. భాగాల పేర్లు కూడా శీర్షికలంత నిజంగా ఉండాలి. "అసలు రహస్యం ఇక్కడ" అని రాస్తే, చేలో ఎండలో నిలబడి జిగురు అట్టల సంగతి కోసం వెతికే మనిషికి అది ఎందుకూ పనికిరాదు.

మందును టెక్నికల్ పేరుతో రాయడం గురించి ఒక మాట. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే, ఊళ్లో దుకాణంలో అది లేనప్పుడు "ఇదీ అదే" అని ఇంకోటి చేతికిస్తారు. అది అదేనా కాదా రైతు తెలుసుకోగలిగేది టెక్నికల్ పేరుతోనే. వీడియోలో డబ్బా చూపించినా, వివరణలో టెక్నికల్ పేరు అక్షరాల్లో ఉండాలి. కంపెనీ డబ్బులిచ్చి చేయించిన వీడియో అయితే ఆ సంగతి వివరణలోనే కాదు, వీడియో పెట్టేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో కూడా టిక్కు పెట్టాలి.

చివరగా థంబ్‌నెయిల్. దాని మీద "24 గంటల్లో ఖతం" అని ఎర్ర అక్షరాలు, పక్కన ఎక్కడిదో ఎండిపోయిన తోట బొమ్మ. శీర్షిక మార్చి ఇది అలాగే ఉంచితే చేసిన పనంతా వృథా. చదవడం తక్కువ వచ్చిన రైతు ముందు చూసేది బొమ్మనే. వీడియోలోంచే, కాగితం మీద నల్ల పురుగులు కదిలే క్షణాన్ని ఆపి తీసుకున్నాం. దాని మీద "పూతలో ఇవి ఉన్నాయా?" అని రాశాం. అది మనిషిని ఆపే ప్రశ్నే. జవాబు వీడియో మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది. కుతూహలం కలిగించే శీర్షికకు, మోసం చేసే శీర్షికకు తేడా అక్కడే అని నా అభిప్రాయం. అడిగిన ప్రశ్నకు వీడియో జవాబిస్తే అది క్లిక్‌బైట్ కాదు.

ఇవన్నీ మార్చడానికి వీడియో తీసేసి మళ్లీ పెట్టక్కర్లేదు. స్టూడియోలో వివరాలు మార్చి భద్రపరిస్తే చాలు. లింకు మారదు, వచ్చిన వ్యూస్, కామెంట్లు పోవు. అయితే అంతకుముందు ఆ శీర్షిక నమ్మి వచ్చినవాళ్లు ఉంటారు కదా. వాళ్ల కోసం ఒక కామెంటు రాయించి పైన పిన్ చేయించాను: "ఈ వీడియోకు ముందు పెట్టిన శీర్షికలో ముడత అని, 24 గంటలని రాశాం. అది సరికాదు. ఇది పూతలో నల్ల తామర పురుగు గురించి." ఆ రెండు మూడు వాక్యాలు రాయడానికి ఆయన ఒక రాత్రి ఆలోచించాడు. రాశాడు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

వ్యూస్ సంగతి దాచను. మొదటి రెండు వారాలు కనిపించిన ప్రతిసారీ నొక్కేవాళ్ల శాతం తగ్గింది. ఆయన కంగారుపడ్డాడు. ఆ ఒక్క అంకెనే చూడొద్దని చెప్పాను. యూట్యూబ్ సాయం పేజీలోనే ఉంది: సగం ఛానళ్లకు, వీడియోలకు ఆ శాతం 2 నుంచి 10 మధ్యలోనే ఉంటుంది. పక్కనే ఇంకో గీత చూడాలి, ముప్పయ్యో సెకనుకు ఎంతమంది మిగిలారన్నది. పాత శీర్షికతో ఆ గీత గోడ మీంచి పడినట్టు పడేది. వచ్చినవాళ్లు ముడత లేదని తెలిసి వెళ్లిపోయేవాళ్లు. కొత్త శీర్షికతో అది నెమ్మదిగా దిగింది. ఇక వెతుకులాట మాటల్లో "మిర్చి పూత రాలడం", "నల్ల తామర" పైకి వచ్చాయి. కామెంట్లలో "ఫేక్" అన్నమాట పోయి, "మా తోటలో అట్టలకు ఇవే అంటుకున్నాయి, రెండో మందు ఎన్నో రోజుకు కొట్టారు?" లాంటివి వచ్చాయి. ప్రతి వీడియోకూ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. పోటీ ఎక్కువగా ఉన్న విషయాల్లో నిజాయతీ శీర్షిక వెనకబడటం నేను చూశాను. మూడు వారాలైనా వెతుకులాట మాటలు మారకపోతే శీర్షికలో మాటలు తప్పు అన్నమాట. మళ్లీ ఆ సూచనల పెట్టె దగ్గరికి వెళ్లాలి.

ధరల వీడియోల గురించి క్లుప్తంగా. "మిర్చి ధర భారీగా పెరిగింది" అన్న శీర్షిక ఏడాది తర్వాత కూడా వెతుకులాటలో వస్తుంది. గుంటూరు యార్డు ధర అయితే తేదీ, రకం రెండూ శీర్షికలోనే ఉండాలి. తేజ ధర, 334 ధర ఒకటి కావు. ఆ రెండూ లేని ధర వీడియో చూసి బస్తాలు శీతల గిడ్డంగిలో ఆపుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

2024 డిసెంబరులో యూట్యూబ్, భారతదేశంలో క్లిక్‌బైట్ మీద చర్యలు గట్టిపరుస్తామని ప్రకటించింది. శీర్షికలో చెప్పింది వీడియోలో లేకపోతే తీసేస్తామంది. అందులో ముందు పేర్కొన్నది వార్తలు, తాజా సంఘటనల వీడియోలను. వ్యవసాయం పేరు ఎత్తలేదు కాబట్టి మనకు కాదులే అనుకుంటున్న మిత్రులు కొందరు నాతో ఆ మాటే అన్నారు. కానీ వార్త తప్పయితే మర్నాడు ఇంకో వార్త వస్తుంది. పూత మీద తప్పు మందు పడితే ఆ కాపు ఆ ఏడాదికి పోయినట్టే.

మీ అందరినీ అడిగేది ఒకటే. ఈ వారం మీ ఛానల్లో ఎక్కువమంది చూసిన పాత చీడపీడల వీడియో ఒకటి తెరవండి. `YouTube search` కింద ఉన్న మొదటి ఐదు మాటలు కాగితం మీద రాయండి. ఆ ఐదింటికీ వీడియోలో జవాబు ఏ నిమిషం దగ్గర ఉందో పక్కన రాయండి. నిమిషం రాయలేని మాట ఏది ఉంటే, దాన్ని శీర్షికలోంచి తీసేయండి.

మా బాబాయి తర్వాతి ఏడాది నల్లిని ముందే పట్టుకున్నాడు. ఇప్పుడు నాకు వీడియో లింకు పంపేముందు "కింద రాసింది చదివాన్రా, మన ముడతకే" అని ఒక మాట జోడిస్తాడు.

ఇట్లు,
మీ వీడియోలు రోజూ చూసే ఒక మిర్చి రైతు కుటుంబంలోని మనిషి